వంపు పరుగు నేర్పితే వీపు దానంతటదే తిరుగుతుంది

మండల స్థాయిలోనో జోనల్ స్థాయిలోనో జరిగే స్కూలు పోటీల్లో హై జంప్ దగ్గర కాసేపు నిలబడండి. ఫోన్లో ఒలింపిక్ వీడియోలు చూసి వచ్చిన పిల్లవాడు ఒకడు బార్‌కు ఎదురుగా నేరుగా పరిగెత్తుకొస్తాడు. ఆఖరి క్షణంలో గిర్రున ఒళ్ళు తిప్పి, తల వెనక్కి విసిరి, వెల్లకిలా పడతాడు. చాలాచోట్ల కింద ఉన్నది ఇసుక గుంట. కొన్నిచోట్ల హాస్టల్ నుంచి తెచ్చి పరిచిన దూది పరుపులు. బార్ కింద పడలేదని చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొడతారు. ఆ పిల్లవాడి మెడ ఏ కోణంలో నేలను తాకిందో ఎవరూ చూడరు.

వీడియోలో కంటికి బాగా ఆనేది గాల్లో విల్లులా వంగే వీపు. పిల్లలు దాన్నే అనుకరిస్తారు. అసలు పని అంతకుముందే, నేలమీద, ఆఖరి నాలుగు అడుగుల్లో అయిపోతుంది. ఆ నాలుగు అడుగులూ ఒక వంపు మీద పడాలి. వంపు సరిగ్గా వస్తే వీపును తిప్పమని పిల్లలకు చెప్పాల్సిన పని దాదాపు ఉండదు. వంపు లేకుండా వీపు తిప్పమంటే వాళ్ళు బార్ మీదికో మెడ మీదికో వస్తారు. కాబట్టి కొత్తవాళ్ళకు నేర్పేటప్పుడు వరుస ముఖ్యం: ముందు పడటం, తర్వాత వంపు పరుగు, ఆ రెండూ వచ్చాకే ఫ్లాప్.

ఈ పద్ధతిని ప్రపంచానికి చూపించినవాడు అమెరికాకు చెందిన డిక్ ఫాస్బరీ. 1968 మెక్సికో సిటీ ఒలింపిక్స్‌లో వీపు బార్ వైపు పెట్టి 2.24 మీటర్లు దూకి బంగారు పతకం తీసుకున్నాడు. అంతకుముందు జంపర్లు ఇసుకలో, రంపపు పొట్టులో పడేవాళ్ళు కాబట్టి కాళ్ళ మీదో చేతుల మీదో దిగే పద్ధతులే వాడేవాళ్ళు. 1960లలో అమెరికా స్కూళ్ళకూ కాలేజీలకూ మందపాటి ఫోమ్ వచ్చింది. వీపు మీద పడటం అప్పుడే సాధ్యమైంది. ఇప్పుడు ఫ్లాప్ నేర్పాలనుకునే ప్రతి పీఈటీ గుర్తుంచుకోవాల్సిన విషయం ఇది. ఫోమ్ ఉంటేనే ఫ్లాప్.

వంపు ఎందుకు కావాలో చూద్దాం. సైకిల్ మీద వేగంగా మలుపు తిరిగేటప్పుడు మనకు తెలియకుండానే లోపలి వైపు ఒరుగుతాం. వంపు మీద పరిగెత్తేవాడూ అలాగే లోపలికి ఒరుగుతాడు. హై జంప్‌లో ఆ లోపలి వైపు అంటే బార్‌కు దూరంగా ఉన్న వైపు. అంటే టేకాఫ్ అడుగు వేసే వేళకు ఒళ్ళు బార్ నుంచి అవతలికి ఒరిగి ఉంటుంది. అడుగు నేలకు ఆనగానే ఆ ఒరుగు తగ్గుతూ ఒళ్ళు నిటారుగా వస్తుంది, పాదం నేలను వదిలేది ఆ నిటారు స్థితిలోనే. అందుకే జంప్ పైకి వెళ్తుంది. ఒరుగు నుంచి నిటారుకు వచ్చిన ఆ కదలికే గాల్లోనూ కొనసాగి తలను, భుజాలను బార్ మీదుగా అవతలికి తీసుకెళ్తుంది. నేరుగా పరిగెత్తుకొచ్చినవాడికి ఈ ఒరుగు ఉండదు. అతడు నిటారు నుంచి మొదలై బార్ వైపు వాలిపోతాడు, ఎత్తు పెరగకముందే బార్‌ను భుజంతో కొడతాడు.

ఇక నేర్పడానికి వద్దాం. మొదట పడటం.

మ్యాట్ విషయంలో పెద్ద పోటీల నిబంధన 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 70 సెంటీమీటర్ల ఎత్తు. మిగతా పోటీలకు కనీసం 5 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉండాలంటారు. కొలత ఒక్కటే చాలదు. ఫోమ్ పాతబడితే పైకి బాగానే కనిపిస్తూ లోపల చచ్చిపోయి ఉంటుంది. వానలో తడిసి సరిగ్గా ఆరని మ్యాట్ ఇంకా ప్రమాదం. పరీక్షించడం సులువు. పిల్లలకంటే ముందు మాస్టారే మ్యాట్ మధ్యలో నిలబడి మోకాళ్ళ మీద ధబ్బున పడాలి. కింద నేల గట్టిగా తగిలిందంటే ఆ మ్యాట్ ఫ్లాప్‌కు పనికిరాదు. రెండు మూడు ముక్కలు కలిపి వాడుతుంటే వాటిని తాడుతో బిగించి కట్టి, పైన అన్నిటికీ కలిపి ఒకే కవర్ వేయాలి. ముక్కల మధ్య సందులో మోచెయ్యో మడమో దిగబడితే ఎముక విరుగుతుంది. స్టాండ్ల దిమ్మలు మ్యాట్‌కు ఆనకుండా కనీసం 10 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. లేకపోతే పిల్లవాడు పడిన ప్రతిసారీ మ్యాట్ కదిలి స్టాండును నెడుతుంది.

పడటం నేర్పేటప్పుడు బార్ వద్దు, పరుగూ వద్దు. మ్యాట్‌కు వీపు పెట్టి నిలబడి, రెండు కాళ్ళతో కాస్త ఎగిరి వెనక్కి పడమనాలి. నేలకు ముందుగా తాకాల్సింది భుజాల కింది వెడల్పాటి భాగం. గడ్డం ఛాతీకి దగ్గరగా రావాలి. చేతులు పక్కలకు చాచి ఉండాలి. వెనక్కి మోచేతులు ఆనించబోతే ఆపి మళ్ళీ చేయించాలి. ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి మోకాళ్ళు. వీపు మీద పడగానే కాళ్ళు ఊపుతో ముఖం వైపు వస్తాయి. రెండు మోకాళ్ళూ కలిసి ఉంటే ముక్కు మీదో పెదవి మీదో తగులుతాయి. మోకాళ్ళు భుజాలంత ఎడంగా ఉంచమని మొదటి రోజునే అలవాటు చేయాలి. వెనక్కి పిల్లిమొగ్గ వేసి లేవడం కొందరికి సరదాగా ఉంటుంది. దాన్ని అసలు ఒప్పుకోకూడదు, ఎందుకంటే అప్పుడు బరువంతా మెడ మీదుగా దొర్లుతుంది.

ఇది కుదిరాక రెండు స్టాండ్ల మధ్య ఎలాస్టిక్ కట్టాలి. బట్టల దుకాణంలో దొరికే నాడా ఎలాస్టిక్ చాలు. మ్యాట్ ఎత్తు 70 సెంటీమీటర్లయితే ఎలాస్టిక్ 80 దగ్గర పెట్టండి. అంటే మ్యాట్ పైన 10 సెంటీమీటర్లే. నిలబడిన చోటి నుంచే వెనక్కి ఎగిరి దాన్ని దాటమనండి. కొత్తవాళ్ళ భయంలో సగం బార్ వీపుకు తగులుతుందనే. బార్ మీద పడి ఒకసారి వీపు కమిలితే ఆ పిల్ల తర్వాత నెలరోజులు టేకాఫ్ దగ్గర తడబడుతుంది. ఎలాస్టిక్ తగిలినా సాగి ఊరుకుంటుంది, పడిపోదు, మాటిమాటికీ పెట్టే పని కూడా ఉండదు.

వంపు పరుగును వేరేగా, సిజర్స్ జంప్‌తో నేర్పాలి. సిజర్స్ అంటే బార్‌కు దగ్గరున్న కాలు ముందు, దూరంగా ఉన్న కాలు తర్వాత దాటిస్తూ, కూర్చున్నట్టుగా వెళ్ళి కాళ్ళ మీద దిగడం. మన స్కూళ్ళలో తరతరాలుగా పిల్లలు దూకుతున్న పద్ధతే. ఫ్లాప్‌లోనూ సిజర్స్‌లోనూ టేకాఫ్ కాలు ఒక్కటే, బార్‌కు దూరంగా ఉన్న కాలు. కాబట్టి వంపు మీద వచ్చి సిజర్స్ దూకినవాడు ఫ్లాప్‌కు కావలసిన పరుగూ టేకాఫూ నేర్చేసుకున్నట్టే. మధ్యలో మార్చుకోవాల్సింది ఏమీ ఉండదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తొమ్మిదో తరగతి అమ్మాయి, ఎత్తు మీటరున్నర. రెండు వైపుల నుంచీ కాసిని సిజర్స్ జంప్‌లు వేయించి చూస్తే ఏ కాలితో హాయిగా లేస్తుందో తెలిసిపోతుంది. ఈ అమ్మాయి ఎడమ కాలితో లేస్తుంది అనుకుందాం. అంటే బార్‌కు ఎదురుగా నిలబడి చూస్తే కుడి వైపు నుంచి రావాలి. కుడి కాలితో లేచేవాళ్ళకు ఇదంతా అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది.

ఇప్పుడు ఆరు మీటర్ల తాడు తీసుకోండి. ఎడమ స్టాండుకు సరిగ్గా ఎదురుగా, బార్ గీత నుంచి పరుగు వైపు ఆరు మీటర్ల దూరంలో ఒక మేకు గుచ్చండి. తాడు ఒక కొస మేకుకు కట్టి, రెండో కొసతో సున్నం పట్టుకుని కుడి వైపు నుంచి బార్ దాకా వంపు గీయండి. ఆ గీత కుడి స్టాండుకు రెండు మీటర్లు అవతల మొదలై, కుడి స్టాండు నుంచి ఒక మీటరు లోపలికి వచ్చేసరికి బార్‌కు దాదాపు 80 సెంటీమీటర్ల దగ్గరకు చేరుతుంది. అక్కడ గీత ఆపి గట్టిగా ఒక గుర్తు పెట్టండి. అదే టేకాఫ్ చోటు. వంపు మొదలయ్యే చోటి నుంచి నేరుగా వెనక్కి నాలుగు మీటర్లు కొలిచి ఇంకో గుర్తు పెట్టండి. అది పరుగు మొదలు. గీయడం అయిపోగానే మేకు పీకేయడం మరవొద్దు.

ఇప్పుడు ఆ అమ్మాయికి ఏడు అడుగులు. మొదటి అడుగు ఎడమ కాలు. మూడు అడుగులు నేరుగా, నాలుగు అడుగులు వంపు మీద. ఏడో అడుగు మళ్ళీ ఎడమ కాలే, టేకాఫ్ గుర్తు మీద పడాలి. మొదట బార్ లేకుండా, దూకకుండా, ఉత్త పరుగే తీయించండి. అడుగు గుర్తుకు ముందు పడుతుంటే మొదలు గుర్తును ముందుకు జరపండి, దాటి పడుతుంటే వెనక్కి జరపండి. పిల్లను అడుగులు సాగదీయమనో కుదించమనో చెప్పొద్దు. గుర్తు జరగాలి గాని పరుగు మారకూడదు.

మన మట్టి గ్రౌండ్లకు ఇక్కడొక సౌకర్యం ఉంది. వంపు దారి మీద నీళ్ళు చల్లి కాస్త ఆరనిచ్చి, పైన పలచగా పొడి మట్టి చల్లితే అడుగుల ముద్రలు స్పష్టంగా పడతాయి. పరుగయ్యాక అమ్మాయినే పిలిచి చూపించండి. నాలుగో అడుగు, అయిదో అడుగు సున్నం గీత మీదే ఉంటాయి. ఆరో అడుగు గీతను వదిలి బార్ వైపు జరిగి ఉంటుంది. కొత్తవాళ్ళలో నూటికి తొంభై తప్పులు ఇక్కడే. ఎత్తు చూడగానే తొందరపడి, వంపు వదిలేసి ఆఖరి రెండు అడుగులు అడ్డదారిలో వేసేస్తారు. ఒరుగు పోతుంది, దాంతో జంపూ పోతుంది. తన పాదముద్ర గీత పక్కన పడి ఉండటం కళ్ళారా చూసిన పిల్లకు ఇక వేరే వివరణ అక్కర్లేదు.

ఒరుగు చూడాలంటే మాస్టారు బార్ పక్కన కాకుండా పరుగు మొదలయ్యే చోటికి వెనక నిలబడాలి. అక్కడి నుంచి చూస్తే మడమ నుంచి తల దాకా ఒళ్ళంతా ఒకే గీతలా లోపలికి వాలి కనిపించాలి. కొందరు నడుము దగ్గర మాత్రం వంగి, భుజం కిందికి దించుతారు. అది ఒరుగు కాదు. అలాంటివాళ్ళను బార్ దగ్గర్నుంచి తీసేసి, గ్రౌండు మధ్యలో పది పన్నెండు మీటర్ల అడ్డకొలత ఉన్న సున్నం వలయం చుట్టూ పరిగెత్తిస్తే వేగం పెరిగేకొద్దీ ఒరుగు దానంతటదే వస్తుంది.

టేకాఫ్ అడుగు గురించి కాస్త నిదానంగా చెప్పాలి, గాయాలు ఎక్కువగా అయ్యేది ఇక్కడే. ఆఖరి రెండు అడుగులూ చకచకా పడాలి. ఏడో అడుగులో పాదం మొత్తంగా నేలకు ఆనాలి, వేళ్ళు మ్యాట్ అవతలి వెనక మూల వైపు చూడాలి. పాదాన్ని బార్‌కు సమాంతరంగా తిప్పి పెడితే ఒంటి బరువంతా ఒక పక్కకు పడి చీలమండ లోపలికి మడత పడుతుంది. వేగంగా వచ్చేటప్పుడు ఒక్కసారి అలా మడత పడితే వారాల తరబడి కుంటాల్సి వస్తుంది. పాదముద్ర ఎటు చూస్తోందో ప్రతి జంప్ తర్వాత గమనించండి. అడుగు పడుతూనే కుడి మోకాలు నడుము ఎత్తుకు వేగంగా లేవాలి, అదీ కొంచెం ఎడమ భుజం వైపు. వీపును బార్ వైపు తిప్పేది ఈ మోకాలే. భుజాలు తిప్పమనో తల తిప్పమనో అరిస్తే పిల్లలు పాదం నేల మీద ఉండగానే తిరిగిపోతారు, మోకాలు మెలిపడుతుంది.

వంపు మీద సిజర్స్ దూకడానికి కొన్ని వారాలు పట్టనివ్వండి. ఈ అమ్మాయి అలా 1.10 మీటర్లు దాటింది అనుకుందాం. ఫ్లాప్ మొదలుపెట్టే రోజున అదే పరుగు, అదే టేకాఫ్. ఎలాస్టిక్ మాత్రం 95 సెంటీమీటర్ల దగ్గర, అంటే సిజర్స్ ఎత్తు కంటే ఒక జానెడు కిందికి. పైకి లేచి, మోకాలు ఎత్తి, వీపు తిరిగేదాకా ఓపిక పట్టి, మ్యాట్ మీద పడమనండి. నడుము పైకెత్తడం, కాళ్ళు విదిలించడం ఇప్పుడే చెప్పొద్దు. మొదట్లో కూర్చున్నట్టుగా పడినా ఫరవాలేదు.

ఎత్తు పెంచడానికి ఎలాస్టిక్ దాటిందా లేదా అన్నది ఒక్కటే కొలత కాకూడదు. నేను మూడు చూడమంటాను: టేకాఫ్ అడుగు గుర్తు మీద పడిందా, గడ్డం లోపలికి ఉందా, మ్యాట్ నడిమి భాగంలో పడిందా. వరుసగా మూడు జంప్‌లలో మూడూ సరిగ్గా ఉంటే 5 సెంటీమీటర్లు పెంచండి. రెండుసార్లు వరుసగా తప్పితే 5 సెంటీమీటర్లు దించండి. ఈ అమ్మాయికి 95 నుంచి మీటరుకు, అక్కడి నుంచి 1.05కు ఎక్కుతుంది. ఎలాస్టిక్ మీదుగా బెత్తెడు ఖాళీతో హాయిగా దాటుతున్నప్పుడు మాత్రమే, అదీ ఒక మెట్టు కిందికి దించి, అసలు బార్ పెట్టాలి. బార్ గుండ్రటి ఫైబర్‌గ్లాస్‌దై ఉండాలి. గొట్టం, వెదురు బొంగు, కోణాలున్న ఇనుప కడ్డీ వంటివి ఫ్లాప్‌కు వాడకూడదు. బార్‌ను స్టాండ్ల ఆనుడు మీద ఊరికే ఆనించాలి, కట్టకూడదు. ఎటు తగిలినా అటు పడిపోయేట్టు ఉండాలి. సిజర్స్ రికార్డయిన 1.10ని ఫ్లాప్‌తో దాటడానికి తొందర వద్దు. పాదముద్రలు వరుసగా ఒకే చోట పడుతున్నప్పుడు ఆ ఎత్తు దానంతటదే వస్తుంది.

అలసిపోయినప్పుడు మొదట చెడేది వంపే. ఒక పూటకు పూర్తి పరుగుతో పది పన్నెండు ఫ్లాప్‌లు కొత్తవాళ్ళకు చాలు. ఆ తర్వాత టేకాఫ్ చోటు మెల్లగా బార్ మధ్యకు జరుగుతుంది. దాంతో పిల్లలు మ్యాట్ అవతలి అంచున, ఒక్కోసారి అంచు దాటి పడతారు. పడే చోటు ఎడమ పక్కకు జరుగుతోందని గమనించిన మరుక్షణం ఆపేయాలి, ఇంకొక్కటి అనకూడదు. వాన పడి గడ్డి తడిగా ఉన్న రోజున వంపు పరుగు అసలు వద్దు. ఒరిగి పరిగెత్తేవాడికి కాలు జారితే నిలదొక్కుకునే వీలుండదు.

చాలా ప్రభుత్వ పాఠశాలల్లో ఉన్నది ఇసుక గుంటే. అక్కడి పిల్లలు ఫ్లాప్ నేర్చుకోలేకపోతున్నారని బాధపడే మాస్టార్లు ఉన్నారు. వాళ్ళు చేయగలిగింది చాలా ఉంది. గుంటను మోకాలి లోతు తవ్వి, రాళ్ళు ఏరి, ఇసుకను గుల్లగా పైకి పోసి, ఏడు అడుగుల వంపు పరుగుతో సిజర్స్ నేర్పవచ్చు. నాలుగు వంపు అడుగులు, మొత్తం పాదం ఆనే టేకాఫ్, పైకి లేచే మోకాలు, ఇవన్నీ ఇసుక మీదే పూర్తిగా వస్తాయి. ఇలా తయారైన పిల్లకు జిల్లా స్టేడియంలో సరైన మ్యాట్ దొరికిననాడు మిగిలేది పడటం నేర్చుకోవడమే. 2012లో సహన కుమారి 1.92 మీటర్లు దూకి జాతీయ రికార్డు నెలకొల్పింది మన హైదరాబాద్‌లోనే. ఆ స్థాయి సింథటిక్ ట్రాక్, మ్యాట్ ఉన్న చోట్లు మన దగ్గర తక్కువే, కానీ సెలవుల్లో నలుగురు పిల్లలను అక్కడికి తీసుకెళ్ళడం అసాధ్యమేమీ కాదు.

పోటీల్లో సిజర్స్ దూకితే తక్కువగా చూస్తారని పిల్లలు అనుకుంటారు. హై జంప్ నిబంధన అడిగేది ఒంటికాలితో లేవమని మాత్రమే. బార్ మీదుగా ఎలా వెళ్ళాలో అది చెప్పదు. సిజర్స్‌తో దాటిన 1.20, ఫ్లాప్‌తో దాటిన 1.20 స్కోరు షీటులో ఒక్కటే. కాబట్టి పోటీలు నిర్వహించే పీఈటీలకూ, ప్రధానోపాధ్యాయులకూ ఒక విన్నపం. మీ దగ్గర ఫోమ్ మ్యాట్ లేకపోతే, లేదా ఉన్న మ్యాట్ మీద మోకాళ్ళు వేసినప్పుడు నేల తగిలితే, ఈసారి మీ పోటీలో ఫ్లాప్‌ను అనుమతించబోమని ముందుగానే ప్రకటించండి.